అమ్మ రాతలో 4 నా కళ్లకు 40

నైట్ డ్యూటీ చివర్లో అమ్మ తన హ్యాండోవర్ నోట్స్ ఫొటోలు తీసి పంపుతుంది, పేర్లుండవు, బెడ్ నంబర్లే. నేను టైప్ చేసి పంపితే కేస్ షీట్‌తో సరిచూసుకుని డే సిస్టర్‌కు అప్పగిస్తుంది. నర్సింగ్ రెండో సంవత్సరం కదా, అమ్మ రాత నాకు కొట్టినపిండి అనుకున్నాను.

ఆ రోజు ఏడో బెడ్ దగ్గర ఇన్సులిన్ 40 అని టైప్ చేశాను. వెంటనే ఫోన్.

"కేస్ షీట్‌లో 4 యూనిట్లు ఉంది. నీకు 40 ఎక్కడ కనిపించింది?"

ఫొటో పెద్దది చేసి చూశాను. 4 పక్కన హడావిడిగా రాసిన U పైభాగం కలిసిపోయి అచ్చం సున్నాలా ఉంది. చేతులు చల్లబడ్డాయి. పది రెట్లు ఇన్సులిన్ అంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

"తప్పు నా రాతది కూడా. ఇకపై యూనిట్లు అని పూర్తిగా రాస్తాను. నువ్వు మాత్రం ఊహించి నింపకు, తెలియకపోతే తెలియలేదనే రాయి."

అప్పటి నుంచి అనుమానం వస్తే అంకె టైప్ చేయను, "డోసు స్పష్టంగా లేదు, కేస్ షీట్ చూడాలి" అని పసుపు రంగులో పెడతాను. 5.0లో చుక్క చెరిగితే 50, .5లో చెరిగితే 5, మైక్రోగ్రాములా మిల్లీగ్రాములా అన్నది ఒక్క అక్షరం తేడా, ఇవన్నీ ఆగి చూడాల్సిన చోట్లే. నిన్న పన్నెండు బెడ్లకు మూడు పసుపు గీతలు పెట్టాను. అమ్మ మూడూ సరిచూసి, రెండో దాన్ని మార్చింది.