సంక్రాంతి సెలవులు: 13న మధ్యాహ్నం 2కి ఆఫీసు మూత, మళ్లీ 19న తెరుస్తాం

తేదీ: 5 జనవరి 2026, సోమవారం
గవర్నర్‌పేట, గుంటూరు బ్రాడీపేట ఆఫీసుల్లో అందరికీ

ముందు అసలు విషయం. జనవరి 13 మంగళవారం రెండు ఆఫీసులూ మధ్యాహ్నం 2 గంటలకే మూసేస్తాం. 14 బుధవారం భోగి, 15 సంక్రాంతి, 16 కనుమ, 17 శనివారం ముక్కనుమ, 18 ఆదివారం, మొత్తం ఐదు రోజులు సెలవు. 19 సోమవారం ఉదయం 9:30కి మామూలుగా తెరుస్తాం.

17న సెలవు ఊరికే ఇవ్వడం లేదు. పోయినేడు కనుమ మర్నాడు ఆఫీసు పెడితే వచ్చింది నలుగురు, మిగతావాళ్లంతా "కనుమ నాడు కాకైనా కదలదు సార్, ఇంట్లో బయల్దేరనివ్వలేదు" అని ఫోన్లు. అందుకని ఈసారి 17 బదులు ఈ వారం 10వ తేదీ, రెండో శనివారం, అందరూ పనికి రావాలి. ఎలాగూ 11న నెలవారీ జీఎస్టీఆర్-1 గడువు, అదీ ఆదివారం పడింది, కాబట్టి 10న మీరు ఉండక తప్పదు. నాలుగో శనివారం 24 సెలవులో మార్పు లేదు.

జీతం ఎవరికీ కోత పడదు, మీ లీవుల్లోంచీ ఏమీ తగ్గదు. 13న 2 గంటలకు వేలిముద్ర వేసి వెళ్తే పూర్తి రోజు హాజరే. ట్రైనీలకూ, ఆఫీసు బాయ్స్‌కూ, ఊడ్చే అమ్మలకూ ఇదే లెక్క, వాళ్లకి వేరే రూలు ఏమీ లేదు. సెలవుల్లో కాపలా ఉండే వాచ్‌మన్లకు ఆ రోజులకు డబుల్ ఇస్తున్నాం. పండగ అడ్వాన్స్ కావాల్సినవాళ్లు 7వ తేదీ సాయంత్రంలోగా అకౌంట్స్‌లో చెప్పండి, 9న బ్యాంకులో పడుతుంది, జనవరి, ఫిబ్రవరి జీతాల్లో రెండు సమాన భాగాలుగా పట్టుకుంటాం. జనవరి జీతం మాత్రం ఎప్పటిలాగే నెలాఖరుకే. బోనస్ దసరాకి ఇచ్చేశాం, మళ్లీ అడగకండి.

ఇక పని సంగతి, టెన్షన్ అంతా ఇక్కడే ఉంది. 13వ తేదీయే అక్టోబర్-డిసెంబర్ త్రైమాసిక జీఎస్టీఆర్-1కి ఆఖరి రోజు. పీఎఫ్, ఈఎస్ఐ గడువు 15, సరిగ్గా పండగ నాడు. కాబట్టి పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు 12 సాయంత్రానికి కట్టేసి ఉండాలి, క్వార్టర్లీ క్లయింట్ల బిల్లులు 10వ తేదీ రాత్రికల్లా మన చేతికి రావాలి. ఈ మాట క్లయింట్లకు ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి, మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. ఓటీపీ ఏ నంబరుకి వస్తుందో కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి, లేకపోతే 13న మనం ఇక్కడ పోర్టల్ ముందు కూర్చుంటాం, ఆయన భీమవరం బస్సులో నిద్రపోతుంటాడు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు అన్నీ 13న 1:30కల్లా లాకర్‌లోకి చేరాలి, జేబులో వేసుకుని ఊరెళ్తే మాత్రం ఊరుకోను.

పోర్టల్ మొరాయిస్తే ఎలా అంటారేమో. జీఎస్టీ టీమ్‌లో ఇద్దరు 13న సాయంత్రం 6 దాకా ఉంటారు, ఊరు వెళ్లనివాళ్లనే అడిగి ఒప్పించాను, నేనూ ఉంటాను. ఆ ఇద్దరికీ 20 తర్వాత ఏదైనా ఒక రోజు సెలవు. టోకెన్లూ వాళ్లకి కావాల్సినవి నేనే తీసిస్తాను.

12న గానీ 13 పొద్దున గానీ ముందే బయల్దేరాలనుకునేవాళ్లు 8వ తేదీ సాయంత్రం 6లోగా నాకు చెప్పండి. ఒక్కో టీమ్‌కి ఒక్కరికే ఇస్తాను, ముందు అడిగినవాళ్లకు ముందు. 12కి ఒక రోజు, 13కి సగం రోజు సీఎల్ పడుతుంది. 19, 20 తేదీల్లో మాత్రం లీవు లేదు, 20న జీఎస్టీఆర్-3బీ ఉంది, క్వార్టర్లీవాళ్లది 22. తిరుగు టికెట్ 18కే తీసుకోండి. ఆ రోజు సాయంత్రం నెహ్రూ బస్టాండ్‌లో నిలబడే చోటు కూడా ఉండదు, మీకు తెలియంది కాదు.

13న లంచ్ బ్రేక్ లేదు, 11:30కి టిఫిన్ ఆఫీసే తెప్పిస్తుంది. వెళ్లేముందు కంప్యూటర్లు షట్‌డౌన్ చేసి స్విచ్చులు ఆపండి, ఫ్రిజ్‌లో పెరుగు డబ్బాలు వదలకండి. 13 సాయంత్రం 6 తర్వాత సెల్లార్ గేటుకి తాళం పడుతుంది, బండి లోపల పెట్టి ఊరెళ్తే 19 దాకా తీయడం కుదరదు.

సెలవుల్లో ఎవరూ ఇంటి నుంచి పని చేయక్కర్లేదు. క్లయింట్ ఫోన్ చేస్తే 19న చూస్తామని చెప్పండి. నోటీసు లాంటిది, ఆగనిది ఏదైనా వస్తే నాకు ఫోన్ చేయమనండి, నా నంబరు తలుపు మీద బోర్డులోనూ ఉంటుంది. కొరియర్లు వాచ్‌మన్ తీసుకుంటాడు. ఇంకో మాట, కోడిపందాల వీడియోలు ఆఫీసు గ్రూపులో పెట్టొద్దు, అందులో క్లయింట్లూ ఉన్నారు.

ఈ నోటీసు చూసినట్టు మీ టీమ్ లీడర్ దగ్గర రేపటికల్లా సంతకం పెట్టండి.

మేనేజర్, గవర్నర్‌పేట ఆఫీసు