సుబ్బారావు బాబాయి గారికి, ఎవరైనా చేయగల కటింగు గురించి

బాబాయి గారికి నమస్కారం.

వచ్చే నెలాఖరున నేను ఉద్యోగం మీద జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళ్తున్న సంగతి నాన్నగారు మీకు చెప్పే ఉంటారు. వెళ్ళేలోపు మీతో ఒక పని ఉంది. షాపులో నలుగురు వంతు కోసం కూర్చుని ఉండగా, టీవీ మోగుతుండగా తాపీగా చెప్పుకునే విషయం కాదు కనుక రాసి పంపుతున్నాను. తీరిక చూసుకుని చదవండి, లేదా శివ చేత చదివించుకోండి. అతనికి కూడా ఇందులో ఒక పని పెడుతున్నాను.

నాకు ఒక కొత్త కటింగు కావాలి. అది నాకు ఎంత నప్పుతుందన్నది తర్వాతి మాట. నన్ను మునుపెన్నడూ చూడని మనిషి, నా భాష రాని మనిషి, ఒక చిన్న కాగితం చూసి ఇంచుమించు అలాగే కత్తిరించగలగాలి. నా జర్మన్ ఇంకా అంతంతమాత్రమే. ఆ భాషలో రైలు టికెట్టు అడగగలను గానీ, సుడి దగ్గర కాస్త చూసి కత్తిరించండి అని చెప్పుకోలేను.

ఇప్పుడు మీరు చేస్తున్న కటింగు ఆ పనికి రాదు. అది బాగోలేదని కాదు, అందులో సగం మీ చేతిలోనే ఉంది. కుర్చీలో కూర్చుని 'ఎప్పటిలాగే' అంటే మీరు ఏమేం చేస్తారో ఈ మధ్య అద్దంలో శ్రద్ధగా గమనించాను. నడినెత్తిన నీళ్ళు చల్లి, జుట్టును రెండు వేళ్ళతో అటూ ఇటూ నెట్టి, అది ఎటు లేస్తుందో చూసుకున్నాకే కత్తెర పెడతారు. నా ఎడమ చెవి కుడిదానికంటే కాస్త కిందికి ఉంటుంది కాబట్టి అటువైపు సైడ్ లాకును చెవిని బట్టి కాకుండా కంటి మూలను బట్టి కొలుస్తారు. ఆ చెవి వెనక ఉన్న పాత కుట్ల మచ్చ దగ్గరికి వచ్చేసరికి దువ్వెనను తలకు ఆనించకుండా ఎత్తి పట్టుకుంటారు. ఇవన్నీ మీరు ఆలోచించి చేస్తున్నట్టు కూడా కనిపించదు. వీటిని కాగితం మీద పెట్టాలంటే రెండు పేజీలు పడుతుంది, రెండు పేజీలు చదివి కత్తిరించే ఓపిక ఏ ఊళ్ళోనూ ఎవరికీ ఉండదు.

అందుచేత కొన్ని వదులుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పక్కలు, వెనక భాగం మీరు దువ్వెన మీద కత్తెరతో తీసే పద్ధతి నాకు ఇష్టమే అయినా, దాన్ని అంకెల్లో చెప్పలేం. ఆ పనిని మెషీనుకు అప్పగిద్దాం. అయితే మెషీను నంబర్లతోనూ ఒక చిక్కు ఉంది. ఒకటో నంబరంటే 3 మిల్లీమీటర్లు, రెండో నంబరంటే 6 అన్నంతవరకు పేచీ లేదు గానీ, మూడో నంబరు దువ్వెన ఒక కంపెనీది 9 ఉంటే మరొకదానిది 10 ఉంటుంది. కాబట్టి కాగితం మీద నంబరు కాకుండా మిల్లీమీటర్లే రాద్దాం. పక్కలకు 6 సరిపోతుందా, మచ్చ కనిపించకుండా ఉండాలంటే 9 దాకా వెళ్ళాలా అన్నది మీరే తేల్చాలి. నా మనసు 9 వైపే ఉంది, కానీ రెండు వైపులా ఒకే అంకె ఉండాలన్నది నా పట్టుదల. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి అని రాస్తే తారుమారు కావడం ఖాయం. ఫేడ్ మాత్రం వద్దు. కుర్రాళ్ళకు బాగుంటుంది గానీ, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ కలపాలన్నది మళ్ళీ చేతివాటం మీదే ఆధారపడుతుంది, పైగా పది రోజులకే ఆ గీత చెరిగిపోతుంది.

అసలు కష్టం నడినెత్తిన ఉన్న జంట సుడులతోనే. ఆ మధ్య ట్రైనింగుకు వేరే ఊరు వెళ్ళినప్పుడు అక్కడి పెద్ద సెలూనులో పైన అంతా ఒకే పొడవున కురచగా తీసేశారు. రెండు సుడుల మధ్య జుట్టు పిలకలా లేచి నిలబడింది, నెల గడిచినా దువ్వెనకు లొంగలేదు. కాబట్టి అక్కడ పొడవు ఉంచాలి. ముందు వైపు నుదుటి మీద పలచబడుతోంది కనుక అక్కడ మరీ పొడవుంచితే పలచదనం ఇంకా బయటపడుతుంది. పైభాగానికంతా ఒకే పొడవు, ఉదాహరణకు 4 సెంటీమీటర్లు, పెడితే రెండు చోట్లా గండం గడుస్తుందా? గడవకపోతే ముందు ఇంత, వెనక ఇంత అని రెండు అంకెలు పెట్టండి, మూడోది వద్దు. మెడ దగ్గర బ్లేడుతో గుండ్రంగా గీసే అంచు కూడా మానేద్దాం. జుట్టు దానంతట అది ఎక్కడ ఆగితే అక్కడే వదిలేస్తే పెరిగినప్పుడూ గలీజుగా ఉండదు.

ఇక శివతో పని. మీరు కటింగు నిర్ణయించి, కాగితం మీద ఐదారు వాక్యాలు రాయించాక, నా తల ఎన్నడూ ముట్టుకోని శివ ఆ కాగితం ఒక్కటే చూసి రెండోసారి కత్తిరించాలి. మీరు పక్కనే ఉండండి, కానీ దయచేసి నోరు మెదపవద్దు, కుర్చీ వెనక నుంచి వేలు చూపించవద్దు. అతను ఎక్కడ ఆగి మీ వైపు చూస్తాడో అక్కడ కాగితంలో ఏదో తక్కువైనట్టు లెక్క. ఆ వాక్యం అక్కడికక్కడే దిద్దుకుందాం. శివ చేతిలో కుదిరితే స్టుట్‌గార్ట్‌లోనూ కుదురుతుందని నా నమ్మకం. కుదరకపోతే ప్రయాణానికి ముందు మీరు సరిచేయడానికి వ్యవధి ఉంటుంది, సరిచేయలేనంతగా చెడితే టోపీ ఎలాగూ కొనుక్కోవాలి, అక్కడ చలి.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, రెండు కటింగుల మధ్య మూడు వారాలైనా ఉండాలి, లేకపోతే శివకు కత్తిరించడానికి ఏమీ మిగలదు. అందుకని ఈ బుధవారమే మొదటిదానికి వస్తాను. మంగళవారం షాపు సెలవు కాబట్టి బుధవారం ఉదయం రద్దీగా ఉంటుందని తెలుసు, మధ్యాహ్నం రెండు దాటాక వస్తే మీకు వీలవుతుందా? ఆ రోజు తలకు నూనె రాసుకోకుండా వస్తాను. నూనె ఉంటే సుడులు అణిగిపోయి మంచివాళ్ళలా కనిపిస్తాయి, అక్కడ రోజూ నూనె రాసుకుని ఆఫీసుకు వెళ్ళే అలవాటు నాకు ఉండబోదు. ఫొటోలు కత్తిరించిన వెంటనే కాకుండా, నేను ఇంట్లో తలస్నానం చేసి దువ్వుకున్నాక ముందు, వెనక, రెండు పక్కలు, పైనుంచి తీయించుకుంటాను. మీరు సర్ది పెట్టిన తలను ఫొటో తీస్తే అక్కడివాళ్ళు మోసపోతారు. కాగితాన్ని జర్మన్‌లోకి మార్చే బాధ్యత నాది. తెలిసినవాళ్ళు ఉన్నారు.

డబ్బుల విషయం ముందే చెప్తున్నాను, శివ చేసే కటింగుకు కూడా పూర్తి డబ్బులు తీసుకోవాలి, పరీక్ష కదా అని వదిలేస్తానంటే నేను ఒప్పుకోను.

బుధవారం కుదురుతుందో లేదో ఒక్క మాట పంపండి. నాన్నగారు మాత్రం నెలనెలా బ్రాడీపేట నుంచి మీ దగ్గరికే వస్తారు. ఆయనకు ఈ మిల్లీమీటర్ల గొడవేమీ వద్దు, ఎప్పటిలాగే కత్తిరించండి.

ఇట్లు,
మీ రవి