ఒంగోలు ఆఫీసు పెట్టీ క్యాష్ ఎట్ట నడపాలంటే

తమ్ముడూ, జూలై 1 నుంచి పెట్టెలో డబ్బులు నీ చేతికే, తాళం చెవి గూడా నీ దగ్గరే ఉండాల. మన ఇంప్రెస్ట్, అంటే చిన్న ఖర్చులకని పెట్టెకి ఖాయం చేసిన మొత్తం, 10,000. పెట్టెలో ఉండే క్యాష్, నువ్వు కట్టిపెట్టిన వౌచర్లు, రెండూ కలిపితే ఏ రోజు ఏ గంటకి లెక్కేసినా 10,000 రావాల్సిందే. మొదట చెక్కు డ్రా చేసిన రోజు రాసే ఎంట్రీ ఒకటే:

పెట్టీ క్యాష్ డెబిట్ 10,000
బ్యాంక్ క్రెడిట్ 10,000

వౌచర్ రాయకుండా రూపాయి గూడా ఇయ్యొద్దు. నంబరు వరసగా, తేదీ, ఎవరికి, దేనికి, అంకెల్లో అక్షరాల్లో మొత్తం, తీసుకున్నోళ్ళ సంతకం, మేనేజర్ గారి సంతకం. బిల్లు వెనక పిన్ను కొట్టి మీద 'చెల్లించాం' ముద్ర ఎయ్యి, లేదంటే అదే బిల్లు ఇంకోసారి వస్తాది. చీమకుర్తి యార్డుకి పోయే ఆటోకి బిల్లు రాదు గదా, దానికి ఎక్కడ్నుంచి ఎక్కడికి, ఏ పని మీద పోయిందీ రాయించు. ఒక వౌచర్ 1,000 దాటితే అది నీ పెట్టెలోది కాదు, నేరుగా బ్యాంక్ నుంచి కట్టేదే.

చీటీ మీద అప్పు మాత్రం వద్దయ్యా. నేను చేరిన కొత్తల్లో ఒక డ్రైవర్‌కి డీజిల్ కొట్టించుకొచ్చేదానికని 500 ఇచ్చి తెల్ల కాగితం మీద రాసుకున్నా, ఆ కాగితం పోయింది, నెలాఖరుకి ఆ 500 నా జేబులోంచి పెట్టా. అడ్వాన్స్ ఇస్తే గూడా వౌచర్ రాయి, సాయంత్రానికి బిల్లు తెప్పించు.

క్యాష్ 3,000 కన్నా తగ్గినా, నెలాఖరు వచ్చినా మళ్ళీ నింపుకోవాల. జూన్ 30న నేనూ మేనేజర్ గారూ కలిసి ఎంచాం. వౌచర్లు 7,455, అంటే ఉండాల్సింది 2,545, పెట్టెలో ఉండింది 2,525. 20 తక్కువ. ఎంత వెతికినా దొరకలా, దాచకుండా అట్టనే రాశాం:

టీ, టిఫిన్ డెబిట్ 1,860
ప్రయాణ ఖర్చులు డెబిట్ 1,430
కొరియర్ డెబిట్ 940
స్టేషనరీ, జిరాక్స్ డెబిట్ 1,275
క్లీనింగ్ డెబిట్ 800
చిన్న రిపేర్లు డెబిట్ 1,150
క్యాష్ తరుగు డెబిట్ 20
బ్యాంక్ క్రెడిట్ 7,475

ఇక్కడ పెట్టీ క్యాష్ లెడ్జర్‌ని ముట్టుకోలేదు చూడు, అది 10,000 దగ్గరే కదలకుండా ఉంటాది, అసలు ఇంప్రెస్ట్ అంటే అదే. చానామంది ఇక్కడే తప్పుతారు, నింపిన డబ్బుని మళ్ళీ పెట్టీ క్యాష్‌కి డెబిట్ కొట్టేస్తారు, ఖర్చులు పుస్తకాల్లోకే రావు, లెడ్జర్ 17,475 అని చూపిస్తాది. లిమిట్ పెంచిన రోజో తగ్గించిన రోజో మాత్రమే దాన్ని మళ్ళీ ముట్టుకోవాల.

మార్చి 31న మాత్రం పెట్టెలో 8,000 ఉన్నా సరే ఆ 2,000 వౌచర్లు ఆ రోజే ఎంట్రీ చేసి నింపు, లేకపోతే ఆ ఖర్చు పై సంవత్సరంలోకి పోతాది. రేపు పొద్దున పదింటికి రా, ఇద్దరం నోట్లు ఎంచుకుని రిజిస్టర్‌లో సంతకాలు పెడదాం.