ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ బకాయిల గురించి

బెంగళూరు,
26 మే 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం సార్. పీణ్య యూనిట్‌లో స్టోర్స్ ఇన్‌చార్జిగా చేసి, నెల నోటీసు పూర్తి చేసుకుని మార్చి 31న రిలీవ్ అయ్యాను. నా టోకెన్ నంబర్ 47. హెచ్‌ఆర్‌కు ఇంగ్లీషులో రెండు మెయిళ్లు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. మీతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడేవాణ్ణి, అందుకే ఇది నేరుగా మీకు రాస్తున్నాను.

మే 12న సెటిల్‌మెంట్ షీటు ఇచ్చి సంతకం పెట్టమన్నారు. మొత్తం రూ. 61,750. నేను పెట్టలేదు.

ముందు గ్రాట్యుటీ సంగతి. నేను చేరింది 2017 ఆగస్టు 10న. అంటే ఏడేళ్ల ఏడు నెలలు దాటింది. ఆరు నెలలు మించితే చట్టం దాన్ని పూర్తి ఏడాదిగానే లెక్కిస్తుంది, కాబట్టి ఎనిమిదేళ్లు. షీటులో ఏడే వేశారు. పైగా నా బేసిక్, డీఏ 19,500ను 26తో భాగించాల్సింది 30తో భాగించారు. 26తో అయితే రోజుకు 750, పదిహేను రోజులకు 11,250, ఎనిమిదేళ్లకు రూ. 90,000. వాళ్లు వేసింది 68,250. ఫారం ‘ఐ’ రిలీవ్ అయిన రోజే ఇచ్చాను, రసీదు నా దగ్గరుంది. ముప్ఫై రోజుల గడువు ఏప్రిల్ 30తో అయిపోయింది. ఆ తర్వాతి రోజులకు ఏడాదికి 10 శాతం చొప్పున సాధారణ వడ్డీ కూడా రావాలి.

లీవు ఎన్‌క్యాష్‌మెంట్ దగ్గర సున్నా. వాడుకోలేదు కాబట్టి ల్యాప్స్ అయ్యాయట! సంక్రాంతికి ఆరు రోజులు అడిగితే స్టాక్ ఆడిట్ ఉందని మేనేజర్ గారే ఎర్ర ఇంకుతో కొట్టేసిన అప్లికేషన్ జత చేస్తున్నాను. మార్చి పేస్లిప్‌లో 24 ఈఎల్‌లు ఉన్నాయి. రోజుకు 750 చొప్పున రూ. 18,000.

2024-25 బోనస్‌కూ సున్నాయే. దీపావళికి రోల్స్‌లో ఉండనివాళ్లకు ఇవ్వరని చెప్పారు. ఏడాదిలో 30 పని దినాలు చేసినవాడికి బోనస్ హక్కు ఉంటుంది. నేను ఏడాదంతా చేశాను. నిరుడు ఇచ్చిన పద్ధతిలోనే 8.33 శాతానికి రూ. 19,492 వస్తుంది. దీనికి నవంబర్ 30 దాకా గడువుందని నాకూ తెలుసు. ఇప్పుడే ఇవ్వకపోయినా, ఇస్తామని కాగితం మీద రాసివ్వండి.

బార్‌కోడ్ స్కానర్ పోయిందని 6,500 కోశారు. అది రిపేరుకు వెళ్లింది సార్. ఫిబ్రవరి 18 గేట్ పాస్, అవుట్‌వర్డ్ రిజిస్టర్‌లో సెక్యూరిటీ సంతకం చూడండి. ఎనిమిదేళ్లలో ఒక్క బోల్టు లెక్క తప్పనివాడికి ఇది చాలా బాధ కలిగించింది.

గ్రాట్యుటీ, లీవు కలిపి రూ. 1,08,000, వడ్డీతో సహా జూన్ 10లోగా నా జీతం ఖాతాలో వేయించండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కూడా ఇప్పించండి. అప్పటికీ కాకపోతే బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్‌లో అర్జీ పెట్టుకోవాల్సి వస్తుంది. మీ దగ్గర అన్నం తిన్నవాణ్ణి, అంతదాకా వెళ్లాలని లేదు.

ఇట్లు,
మీ మాజీ స్టోర్స్ ఇన్‌చార్జి
టోకెన్ నంబర్ 47

జతపరిచినవి: మార్చి పేస్లిప్, ఫారం ‘ఐ’ రసీదు, లీవు అప్లికేషన్, గేట్ పాస్ జిరాక్సు