కాంతి కిరణ చిత్రాలు: దర్పణాలు, కటకాల మీద అభ్యాస ప్రశ్నలు, జవాబులు (పదో తరగతి)

గ్రాఫ్ కాగితం, స్కేలు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. అడ్డంగా 1 సెం.మీ.ని 5 సెం.మీ.గా తీసుకోండి, ఎత్తును మాత్రం ఉన్నదున్నట్టే గీయండి. దర్పణాన్నైనా కటకాన్నైనా ఒక నిలువు గీతగా గీసి, పక్కన దాని ఆకారం చిన్నగా చూపిస్తే చాలు.

సంజ్ఞా సాంప్రదాయం: వస్తువు ఎప్పుడూ ఎడమవైపే. దూరాలన్నీ దర్పణ ధ్రువం P నుంచి లేదా కటక దృక్ కేంద్రం O నుంచి కొలవాలి. పతన కాంతి వెళ్లే దిశలో కొలిస్తే ధనాత్మకం, ఎదురు దిశలో అయితే రుణాత్మకం. ప్రధానాక్షానికి పైన ఎత్తు ధనాత్మకం, కింద రుణాత్మకం.

దర్పణం: 1/f = 1/v + 1/u, m = −v/u
కటకం: 1/f = 1/v − 1/u, m = v/u

గుర్తులు ఇచ్చిన విలువలకే పెట్టండి. కనుక్కోవాల్సిన దానికి ముందే గుర్తు తగిలించకండి. లెక్క పూర్తయ్యాక అదే బయటపడుతుంది.

ప్రశ్న 1. నాభ్యంతరం 15 సెం.మీ. ఉన్న పుటాకార దర్పణం ముందు 2 సెం.మీ. ఎత్తున్న వస్తువును (అ) 20 సెం.మీ. దూరంలో, (ఆ) 10 సెం.మీ. దూరంలో ఉంచారు. రెండు సందర్భాల్లోనూ ప్రతిబింబ స్థానం, స్వభావం, ఎత్తు కనుక్కోండి. కిరణ చిత్రాలు గీయండి.

జవాబు (అ): f = −15, u = −20.
1/v = 1/f − 1/u = −1/15 + 1/20 = −1/60, కాబట్టి v = −60 సెం.మీ.
m = −(−60)/(−20) = −3

v రుణాత్మకం, అంటే ప్రతిబింబం దర్పణం ముందే, 60 సెం.మీ. దూరంలో ఉంది. కిరణాలు నిజంగానే అక్కడ కలుస్తాయి కాబట్టి నిజ ప్రతిబింబం, తెర మీద పట్టవచ్చు. m రుణాత్మకం కాబట్టి తలకిందులు. ఎత్తు −3 × 2 = −6 సెం.మీ.

ఇప్పుడు చిత్రం. వస్తువు కొన A నుంచి నాభి F గుండా ఒక కిరణం గీయండి. A నుంచి F వరకు అడ్డంగా 5 సెం.మీ. వెళ్లేసరికి అది 2 సెం.మీ. కిందికి దిగుతుంది. F నుంచి దర్పణం దాకా ఇంకో 15 సెం.మీ. ఉంది కాబట్టి మరో 6 సెం.మీ. దిగి, అక్షానికి 6 సెం.మీ. కింద దర్పణాన్ని తాకుతుంది. అక్కడి నుంచి అక్షానికి సమాంతరంగా వెనక్కి వస్తుంది. అంటే రెండో కిరణం గీయకముందే ప్రతిబింబం ఎత్తు తెలిసిపోయింది. అక్షానికి సమాంతరంగా వెళ్లి F గుండా పరావర్తనం చెందే రెండో కిరణం, ఆ ఎత్తు ఎక్కడ వస్తుందో చెబుతుంది. కాగితం మీద అది P నుంచి 12 సెం.మీ. దగ్గర పడాలి.

జవాబు (ఆ): f = −15, u = −10.
1/v = −1/15 + 1/10 = +1/30, కాబట్టి v = +30 సెం.మీ.
m = −(+30)/(−10) = +3

ప్రతిబింబం దర్పణం వెనక 30 సెం.మీ. దూరంలో ఉంది. మిథ్యా ప్రతిబింబం, నిటారు, 6 సెం.మీ. ఎత్తు. చిత్రంలో A నుంచి F గుండా కిరణం పోదు, ఎందుకంటే F వస్తువుకు వెనక ఉంది. F నుంచే బయల్దేరి A మీదుగా వస్తున్నట్టు గీయండి. అది 6 సెం.మీ. పైన దర్పణాన్ని తాకి సమాంతరంగా వెనక్కి వెళ్తుంది. పరావర్తన కిరణాలు ముందు కలవవు కాబట్టి వాటిని దర్పణం వెనక్కి చుక్కల గీతలతో పొడిగించండి. బాణం గుర్తులు అసలు కిరణాల మీదే ఉండాలి, చుక్కల గీతల మీద కాదు.

రెండుచోట్లా పరిమాణం మూడు రెట్లే. "మూడు రెట్ల ప్రతిబింబం కావాలంటే వస్తువును ఎక్కడ ఉంచాలి?" అని అడిగితే m = +3, m = −3 రెండింటికీ లెక్క చేయాలి. ప్రశ్నలో "తెర మీద" అనో "నిటారుగా" అనో ఉంటే మాత్రం ఒకటే జవాబు.

ప్రశ్న 2. బస్సు పక్క అద్దంగా వాడిన కుంభాకార దర్పణం నాభ్యంతరం 3 మీ. వెనక 6 మీ. దూరంలో ఉన్న బైక్ ప్రతిబింబం ఎక్కడ, ఎలా ఉంటుంది?

జవాబు: f = +3, u = −6. 1/v = 1/3 + 1/6 = 1/2, v = +2 మీ. m = −2/(−6) = +1/3. అద్దం వెనక 2 మీ. దూరంలో మిథ్యా, నిటారు, మూడో వంతు ప్రతిబింబం. బైక్ చిన్నగా కనిపిస్తుంది కాబట్టి అది ఇంకా దూరంగా ఉందని డ్రైవర్ పొరబడే అవకాశం ఉంది.

ప్రశ్న 3. కుంభాకార కటకం f = 20 సెం.మీ., వస్తువు 30 సెం.మీ. దూరంలో ఉంది. ఒక విద్యార్థి ఇలా రాశాడు:

1/20 = 1/(−v) − 1/(−30)
1/v = 1/30 − 1/20 = −1/60, v = −60 సెం.మీ.
"v రుణాత్మకం కాబట్టి వస్తువు ఉన్న వైపే మిథ్యా ప్రతిబింబం."

తప్పు ఎక్కడుంది?

జవాబు: కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. తెలియని v కి ముందే రుణ గుర్తు పెట్టడంతో గొడవ మొదలైంది. సరిగ్గా చేస్తే 1/v = 1/20 − 1/30 = 1/60, v = +60 సెం.మీ., m = 60/(−30) = −2. కటకం అవతలివైపు నిజ ప్రతిబింబం, తలకిందులు, రెండింతలు. వస్తువు నాభికి అవతల ఉంటే కుంభాకార కటకం మిథ్యా ప్రతిబింబం ఇవ్వదు. చిత్రం గీసి ఉంటే అక్కడే దొరికిపోయేది.

నిజ ప్రతిబింబానికి దర్పణంలో v రుణాత్మకం, కటకంలో ధనాత్మకం. దర్పణం కాంతిని వెనక్కి తిప్పుతుంది, కటకం ముందుకు పంపుతుంది, తేడా అంతే. రెండింటికీ పనికొచ్చేది m గుర్తు: వస్తువు నిజమైనదైతే m రుణాత్మకమైనప్పుడు నిజ, తలకిందులు, ధనాత్మకమైనప్పుడు మిథ్యా, నిటారు.

ప్రశ్న 4. అదే వస్తువు, అదే దూరం, కానీ 20 సెం.మీ. నాభ్యంతరం ఉన్న పుటాకార కటకం. ప్రతిబింబం?

జవాబు: 1/v = −1/20 − 1/30 = −1/12, v = −12 సెం.మీ., m = +0.4. వస్తువు వైపే మిథ్యా, నిటారు, చిన్నది.

ప్రశ్న 5. ప్రశ్న 3లోని కటకం కింది సగానికి నల్ల కాగితం అంటించారు. తెర మీద ఏమవుతుంది?

జవాబు: ప్రతిబింబం పూర్తిగానే వస్తుంది, కాంతి మాత్రం తగ్గుతుంది. A నుంచి కటకం పై సగంలో పడే కిరణాలన్నీ అదే బిందువుకు చేరతాయి. సగం బొమ్మే వస్తుందని రాస్తే మార్కులు పోయినట్టే.

ప్రశ్న 6. చిత్రంలో ప్రధానాక్షం, దాని మీద 3 సెం.మీ. ఎత్తున్న నిటారు వస్తువు AB, దానికి కుడివైపు 45 సెం.మీ. దూరంలో 1.5 సెం.మీ. ఎత్తున్న తలకిందుల ప్రతిబింబం A′B′ మాత్రమే ఇచ్చారు. మధ్యలో ఒక కటకం ఉంది. అది ఏ రకం, ఎక్కడుంది, నాభ్యంతరం ఎంత?

జవాబు: తలకిందుల ప్రతిబింబం కాబట్టి నిజ ప్రతిబింబం, కాబట్టి కుంభాకార కటకం. దృక్ కేంద్రం గుండా పోయే కిరణం వంగదు. అందుకే A, A′ లను సరళరేఖతో కలపండి, అది అక్షాన్ని ఖండించిన చోటే O. అక్కడ నిలువు గీత గీస్తే కటకం స్థానం వచ్చింది. ఇక A నుంచి అక్షానికి సమాంతరంగా కటకం దాకా గీసి, అక్కడి నుంచి A′ కు కలపండి. ఆ గీత అక్షాన్ని తాకిన బిందువు F.

లెక్కతో సరిచూద్దాం: m = −1.5/3 = −1/2 = v/u, అంటే v = −u/2. వస్తువు, ప్రతిబింబాల మధ్య దూరం v − u = 45. కాబట్టి u = −30, v = +15. 1/f = 1/15 + 1/30 = 1/10, f = +10 సెం.మీ. మీ కాగితం మీద OF 2 సెం.మీ. రావాలి. బాగా తేడా వస్తే ముందు ఆ సమాంతర కిరణం నిజంగా సమాంతరంగా ఉందో లేదో చూడండి.