పొగుడుతూనే పరాయివాళ్లను చేసిన ప్రసంగం

ఒడిశాలోని మన పర్లాకిమిడి ఎన్నికల సభలో ఒక అభ్యర్థి తెలుగులో మాట్లాడిన వీడియో మన వాట్సాప్ గ్రూపులన్నింట్లో తిరుగుతోంది. "భలే, మనల్ని గుర్తించాడు" అని అందరూ సంబరపడుతున్నారు. ఏమని గుర్తించాడో చూద్దామని నేను ఆ ప్రసంగం మొత్తం రాసుకున్నాను.

మొదటి మాటే "ఎక్కడినుంచో వచ్చి ఈ మట్టిని నమ్ముకున్న నా తెలుగు సోదరులారా!" వినడానికి పొగడ్తే. కానీ మనం వలస వచ్చామని ఆయన వాదించలేదు, అందరికీ తెలిసిన సంగతిలా పిలుపులోనే కలిపేశాడు, పిలుపుని ఎవరు ఖండిస్తారు, చప్పట్లు కొడతారు గానీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇక్కడి ఎన్నో తెలుగు కుటుంబాలు ఉన్నచోటే ఉన్నాయి, పైన రాష్ట్రం మారింది.

తర్వాత "మేము మీకు పట్టాలిచ్చాం, మేము మీకు రోడ్లేశాం" అన్నాడు. ఈ "మేము"లో వినేవాళ్లు లేరు. ఇచ్చేది వాళ్లు, పుచ్చుకునేది మనం. ఓటు దగ్గరికి రాగానే మాత్రం "మనం గెలుస్తున్నాం" అయిపోయింది! పౌరులుగా మనకు రావాల్సినవి చెప్పేటప్పుడు బయట నిలబెట్టి, మన అవసరం పడ్డప్పుడు లోపలికి పిలిచాడన్నమాట.

నాకు ఎక్కువ బాధ కలిగించింది బడుల మాట. "తెలుగు బడులు మూతపడ్డాయి, చాలా బాధాకరం" అన్నాడు. పట్టాలిచ్చినవాళ్లున్నారు, రోడ్లేసినవాళ్లున్నారు, బడులు మాత్రం వాటంతటవే మూతపడ్డాయి. "మూసేశారు" అంటే ఎవరని అడుగుతాం కదా. రాజకీయ భాషను పరిశీలించిన టీన్ వాన్ డైక్ చెప్పింది ఇదే: మనవాళ్ల మంచిని, అవతలివాళ్ల చెడును పెద్దవి చేసి చూపడం, మనవాళ్ల తప్పుల్ని వెనక్కి నెట్టడం.

ఇక "తెలుగు సోదరులు" ఎవరు? అందులో ఆడవాళ్లు లేరు. కులాల మధ్య తేడాలన్నీ ఆ ఒక్క పిలుపు కింద మాయమయ్యాయి. సంతలో మనతో తెలుగులో బేరమాడే సవరలు చివర్లో "కొండవాళ్లు కూడా" అని ఒక్కసారి వచ్చారు, పేరు కూడా లేకుండా. మనల్ని అతిథుల్ని చేసినందుకు కోపం వస్తే, సవరల్ని అలా "కూడా"లో పడేసినందుకు కూడా రావాలి.

సభ జరిగిన వీధిలోనే బట్టల షాపు ఫ్లెక్సీ మీద "తెలుగింటి ఆడపడుచుకు సంక్రాంతి సారె" అని ఉంది. ప్రసంగంలో కనబడని ఆడవాళ్లు ఇక్కడ ఉన్నారు, అయితే ఎవరింటి ఆడపడుచుగానో, చీర కొనేవాళ్లుగానో మాత్రమే.

ఆ అభ్యర్థి మళ్లీ మన వీధికి వస్తాడు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రాథమిక బడిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు ప్రయత్నించాలని రాష్ట్రాలకు చెబుతోంది కాబట్టి, దండ వేసే ముందు ఆయన్ని ఒక్కటి అడుగుదాం: బడులు మూసింది ఎవరు, ఏ ఆర్డరు మీద?