మా టిఫిన్ సెంటర్ ఫ్రాంచైజీ: ఎంత పెట్టాలి, మేం ఏం చేస్తాం, ఏం మిగులుతుంది

కర్నూల్ సి క్యాంపులో ఒక బండి మీద ఉగ్గాని బజ్జీతో మొదలుపెట్టినోళ్ళం. ఇప్పుడు కర్నూల్, నంద్యాల, డోన్, గుంతకల్లులో కలిపి ఏడు షాపులు నడుస్తున్నాయి. అనంతపురం, కడప వైపు కూడా ఇమ్మని చాలామంది అడుగుతున్నారు కాబట్టి లెక్కలన్నీ దాచకుండా ఇక్కడ రాస్తున్నాం, చదివి ఇంట్లో వాళ్ళతో మాట్లాడుకునే రండి.

ముందే ఒక మాట. డబ్బు పెట్టి ఇంట్లో కూర్చుంటే నెలనెలా వచ్చే వ్యాపారం కాదిది. పొద్దున నాలుగున్నరకి షట్టర్ ఎత్తాలి, మీరన్నా ఉండాలి, మీ ఇంట్లో మనిషన్నా ఉండాలి. ఓనర్ నిలబడని చోట మేం షాపు ఇవ్వం.

పెట్టుబడి

300 చదరపు అడుగుల షాపుకి మొత్తం 12 లక్షల 90 వేలు అవుతుంది. ఫ్రాంచైజీ ఫీజు 2 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 36 వేలు. గ్రైండర్, దోశ పెనం, ఇడ్లీ స్టీమర్, ఫ్రిజ్, స్టీలు సామాన్లు 4.5 లక్షలు. బోర్డు, టైల్స్, టేబుళ్ళు, కరెంటు పని 2.5 లక్షలు. నెలకి 20 వేల అద్దె అనుకుంటే ఆరు నెలల అడ్వాన్స్ 1.2 లక్షలు. ఎఫ్ఎస్ఎస్ఏఐ, మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్, బిల్లింగ్ మిషను కలిపి 34 వేలు. మిగతా 2 లక్షలు మొదటి మూడు నెలలు షాపు నిలదొక్కుకునేదాకా చేతిలో ఉండాల్సిన డబ్బు, దాన్ని మాత్రం ఫర్నిచర్ మీద పెట్టేయకండి. టిఫిన్ బిల్లు మీద 5 శాతం జీఎస్టీ వేసే పద్ధతిలో మనం కొన్న సామాన్ల మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, అందుకే పైన రాసిన రేట్లన్నీ పన్నుతో కలిపే రాశాం.

మేం చేసేది

మీకూ మీ మాస్టర్‌కీ మా సి క్యాంపు వంటింట్లో 21 రోజులు ట్రైనింగ్. ఉగ్గానికి బొరుగులు నీళ్ళలో ఎంతసేపు ఉంచాలి, ఎంత గట్టిగా పిండాలి అనేది కాగితం మీద రాస్తే రాదు, చేత్తోనే నేర్చుకోవాలి, ఒక్క నిమిషం ఎక్కువ నానితే ముద్దయిపోతుంది. పప్పుల పొడి, కారం దోశకి ఎర్రకారం, సాంబారు పొడి కర్నూల్ నుంచి వారానికి రెండుసార్లు పంపిస్తాం. పిండి మాత్రం పంపం, మీ షాపులోనే రుబ్బాలి. మన ఎండాకాలంలో రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి పుల్లగా పొంగి కారిపోతుంది, అందుకే మార్చి నుంచి జూన్ దాకా ఎప్పుడు రుబ్బాలి, ఎప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాలి అనేదానికి వేరే టైమింగ్ ఉంటుంది, అది నేర్పిస్తాం. ఓపెనింగ్ అప్పుడు మా మాస్టర్ పది రోజులు మీ దగ్గరే ఉంటాడు. మీ షాపుకి రెండు కిలోమీటర్ల లోపల ఇంకొకరికి ఇవ్వం, ఇది అగ్రిమెంట్‌లోనే ఉంటుంది.

మిగిలేది

రోజుకి 10 వేల అమ్మకం అనుకుందాం, నెలకి 3 లక్షలు. సరుకులకి 1,14,000, ఆరుగురికి జీతాలు 78,000, అద్దె 20,000, గ్యాస్ 20,000, కరెంటు నీళ్ళు 9,000, పార్సిల్ కవర్లు, రిపేర్లు, చిల్లర ఖర్చులు 12,000. మా రాయల్టీ 5 శాతం, దాని మీద జీఎస్టీతో కలిపి 17,700. చేతికి మిగిలేది 29,300. ఇందులోనే మీ కష్టం కూడా ఉంది, మీ జీతం వేరే తీయలేదు, బ్యాంకు అప్పుంటే కంతు కూడా ఇందులోంచే కట్టాలి. ఈ లెక్కన పెట్టుబడి తిరిగి రావడానికి మూడున్నరేళ్ళ పైనే పడుతుంది. ఏడాదిలో వచ్చేస్తుందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు.

అమ్మకం రోజుకి 7 వేల దగ్గరే ఆగితే నెలకి దాదాపు 13 వేలు చేతి నుంచి పోతాయి. అమ్మకం రోజుకి 13 వేలు దాటితే, ఇంకో మనిషిని పెట్టుకున్నా నెలకి 60 వేల దాకా మిగులుతాయి. తేడా అంతా పొద్దున ఆరు నుంచి పది మధ్యలోనే, ఆ నాలుగు గంటల్లో దోశ ఆలస్యమైతే ఆ మనిషి రేపు ఎదురు షాపులో ఉంటాడు. యాప్ ఆర్డర్లు పైన లెక్కలో కలపలేదు, వాళ్ళ కమిషన్ పోను మిగిలేది తక్కువ కాబట్టి మొదటి ఆరు నెలలు వాటి జోలికి పోవద్దనే మా సలహా.

మా సొంత బ్రాంచి ఒకటి 14 నెలలకే మూసేశాం, అది కూడా చెప్పాలి. బస్టాండు ఎదురుగా అని 45 వేల అద్దెకి ఒప్పుకున్నాం, జనం బాగానే వచ్చారు కానీ అద్దే తినేసింది. అందుకే ఇప్పుడు అనుకున్న అమ్మకంలో అద్దె 7 శాతం దాటే షాపుకి మేం ఒప్పుకోం, ఎంత మంచి సెంటరైనా సరే.

అగ్రిమెంట్ ఐదేళ్ళు. మధ్యలో వదిలేస్తే ఫ్రాంచైజీ ఫీజు వెనక్కి రాదు, ఏడాది లోపలైతే మిషన్లు మాత్రం కొన్న ధరలో సగానికి మేమే తీసుకుంటాం.

ఇంట్రెస్ట్ ఉంటే అడ్వాన్స్ ఏమీ కట్టకుండా ఒకరోజు సి క్యాంపు షాపుకి నాలుగున్నరకి రండి. పది దాకా కౌంటర్ దగ్గర నిలబడండి, తర్వాత మూడు నెలల బిల్లు పుస్తకాలు మీ ముందు పెడతాం, మీ ఆడిటర్‌ని కూడా తీసుకురావచ్చు.